పోయిన ల్యాప్‌టాప్‌ను దూరం నుంచి లాక్ చేయడం, చెరిపేయడం: విండోస్ 11 హోమ్‌లో ఎంతవరకు కుదురుతుంది?

పద్దుల_రమణ · శనివారం ఉదయం 8:10

అందరికీ నమస్కారం. గుంటూరులో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే చిన్న ఆఫీసు మాది. నిన్న రాత్రి బస్సులో హైదరాబాద్ వచ్చాను. ఎల్‌బీ నగర్‌లో దిగేటప్పుడు చూస్తే పైన పెట్టిన ల్యాప్‌టాప్ బ్యాగు లేదు. బస్సంతా వెతికించాను, దొరకలేదు. మధ్యలో ఎక్కడో ఎవరో పట్టుకుని దిగిపోయారనుకుంటున్నాను. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి వచ్చాను.

ల్యాప్‌టాప్ విలువ గురించి బాధ లేదు. అందులో క్లయింట్ల పాన్, ఆధార్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నాయి. టెన్షన్ అంతా వాటి గురించే. విండోస్ 11 హోమ్. జీమెయిల్ అడ్రసుతోనే తీసుకున్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవుతాను. రోజూ వాడేది నాలుగంకెల పిన్. ఇక్కడి నుంచే అందులోని డేటా మొత్తం చెరిపేసే మార్గం ఉందా? ఎవరికైనా తెలిస్తే త్వరగా చెప్పండి.

కృష్ణాతీరం · 8:24

రమణ గారూ, కంగారు పడకండి. పిన్ పెట్టుకున్నారు కదా, అది తెలియకుండా లోపలికి ఎవరూ వెళ్లలేరు. ఇంకో పని చేయండి, సంచార్ సాథీ వెబ్‌సైట్లో బ్లాక్ చేయించండి. మా బావమరిది ఫోను పోతే అలాగే చేశాం, కొన్నాళ్లకు పోలీసులే ఫోన్ చేసి తిరిగి ఇచ్చారు.

వైజాగ్_సిస్టమ్స్ · 8:41

కృష్ణాతీరం గారూ, సంచార్ సాథీలో బ్లాక్ అయ్యేది ఐఎమ్ఈఐ నంబరు, అంటే ఫోన్లకు ఉండేది. మామూలు ల్యాప్‌టాప్‌కు ఆ నంబరే ఉండదు కాబట్టి ఇక్కడ పనికిరాదు. పిన్ విషయం సగమే నిజం. పిన్ కాపాడేది విండోస్ తలుపును మాత్రమే. స్క్రూలు విప్పి ఎస్ఎస్‌డీ తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ తలుపుతో పనే లేదు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి లేకపోతే ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో కనిపించినట్టే కనిపిస్తాయి.

రమణ గారూ, మీరు అడిగిన దానికి సూటిగా చెబుతాను. సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వాడే విండోస్‌లో దూరం నుంచి చెరిపేసే బటన్ లేదు. ఉన్నవి రెండే: ఎక్కడుందో వెతకడం, లాక్ చేయడం. అవి కూడా ముందే ఆన్ చేసి ఉంటేనే పనిచేస్తాయి. ఇప్పుడు ఈ వరుసలో చేయండి.

ఫోన్ బ్రౌజర్‌లో `account.microsoft.com/devices` తెరిచి, అదే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. మీ ల్యాప్‌టాప్ పేరు కనిపిస్తుంది. దాని కింద `Find my device` నొక్కండి. మ్యాప్ వస్తే `Lock` కూడా అక్కడే ఉంటుంది. వెంటనే లాక్ ఇచ్చేయండి. మ్యాప్ కాకుండా, ఆ సౌకర్యం ఆఫ్‌లో ఉందని వస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇప్పుడు ఇక్కడి నుంచి దాన్ని ఆన్ చేయలేం.

ఆ తర్వాత `aka.ms/myrecoverykey` తెరవండి. అక్కడ మీ ల్యాప్‌టాప్ పేరుతో 48 అంకెల కీ ఉందో లేదో చూసి చెప్పండి. నా లెక్కలో మీకు లాక్ కంటే ఇదే ముఖ్యం. ఆ కీని మాత్రం ఇక్కడ పోస్ట్ చేయకండి.

మ్యాక్_మురళి · 8:55

ఇంత తతంగం ఎందుకండీ? ఐక్లౌడ్‌లోకి వెళ్లి `Erase` నొక్కితే అయిపోతుంది కదా. మా అన్నయ్య మ్యాక్‌బుక్ పోయినప్పుడు చేసింది అదే. ఇంకో సంగతి, `icloud.com/find` తెరవడానికి ఓటీపీ కూడా అడగదు. ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే బ్యాగులో పోయినా పక్కవాళ్ల ఫోన్‌లో పాస్‌వర్డ్ కొట్టి చేయొచ్చు.

వైజాగ్_సిస్టమ్స్ · 9:02

మురళీ, ఆయనది విండోస్. మ్యాక్‌లో నువ్వు చెప్పింది కుదురుతుంది, అదీ `Find My Mac` ముందే ఆన్‌లో ఉంటేనే. టీ2 చిప్ ఉన్నవాటిలోనూ, ఎమ్1 తర్వాత వచ్చినవాటిలోనూ యాక్టివేషన్ లాక్ కూడా ఉంటుంది. చెరిపేసినా ఆ ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ లేకుండా మళ్లీ వాడుకోలేరు. విండోస్‌కు ఆ రక్షణ లేదు. దొంగ పెన్‌డ్రైవ్‌తో కొత్తగా విండోస్ వేసుకుంటే మిషన్ మామూలుగా పనిచేస్తుంది. అప్పుడు మన లాక్ ఆదేశం చేరడానికి పాత విండోసే ఉండదు. మన డేటా కూడా పోతుంది కాబట్టి రమణ గారి కోణంలో అది మంచిదే. మిషన్ మాత్రం తిరిగి రాదు.

ఓటీపీ గురించి నువ్వన్నది మంచి పాయింటు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకుని, ఆ కోడ్ వచ్చే ఫోను కూడా పోతే, లాక్ చేసే పేజీ వరకే వెళ్లలేం. దానికోసమే అకౌంట్ సెక్యూరిటీ పేజీలో 25 అక్షరాల రికవరీ కోడ్ తయారు చేసుకునే వీలుంది. అది కాగితం మీద ఇంట్లో ఉండాలి.

పద్దుల_రమణ · 9:20

చాలా థ్యాంక్స్ అండీ. అదృష్టం కొద్దీ ఫోన్ జేబులోనే ఉంది. `Find my device` ఆన్‌లోనే ఉంది. కొన్న కొత్తలో ఏదో అడిగితే సరేనన్నట్టున్నాను. మ్యాప్ వచ్చింది కానీ చూపించేది నిన్న సాయంత్రం 6 గంటలకు అరండల్‌పేటలోని మా ఆఫీసు! ల్యాప్‌టాప్ మళ్లీ గుంటూరు వెళ్లిందా? లాక్ నొక్కాను. పేజీలో ఇంకేమీ మారలేదు.

రికవరీ కీ పేజీలో మాత్రం ల్యాప్‌టాప్ పేరు, పక్కనే పొడుగాటి నంబరు ఉన్నాయి. ఇది మంచిదేనా?

వైజాగ్_సిస్టమ్స్ · 9:43

మంచిదే. ఒక్కొక్కటిగా చెబుతాను.

మ్యాప్‌లో కనిపించేది ల్యాప్‌టాప్ చివరిసారి నెట్‌కు కనెక్ట్ అయి ఉన్నప్పటి చోటు. ఆ పక్కన ఉన్న టైమ్ చూడాలి, చుక్కను కాదు. ఆరు గంటలకు మీరు ఆఫీసులో వైఫైలో ఉన్నారు. తర్వాత మూత వేసి బ్యాగులో పెట్టారు. మామూలు ల్యాప్‌టాప్‌లో సిమ్ ఉండదు, దారిలో తెలిసిన వైఫై ఉండదు. కాబట్టి బస్సులో అది ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు. మీరు ఇచ్చిన లాక్ కూడా ఇంతే: అది మళ్లీ ఏదో ఒక నెట్‌కు కనెక్ట్ అయినప్పుడే అందుతుంది. అందితే లోపల లాగిన్ అయి ఉన్నవాళ్లను బయటికి పంపి, లోకల్ యూజర్లను ఆపేస్తుంది. ఎవరూ కనెక్ట్ చేయకపోతే ఎప్పటికీ అందదు.

అందుకే రికవరీ కీ గురించి అడిగాను. ఆ పేజీలో కీ ఉందంటే మీ మిషన్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఎప్పుడో ఆన్ అయి, కీని మీ అకౌంట్‌లో దాచిందని అర్థం. మీరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో, అడ్మిన్‌గా లాగిన్ అయినందువల్ల అది దానంతట అదే జరిగింది. ఇప్పుడు ఎస్ఎస్‌డీ తీసి వేరేచోట పెట్టినా 48 అంకెలు లేకుండా ఏమీ తెరుచుకోదు. మీరు కోరుకున్న చెరిపివేత వల్ల వచ్చే ఫలితం చాలావరకు మీకు ముందే ఉంది, అదీ నెట్‌తో పని లేకుండా.

ఒక్క అనుమానం మిగులుతుంది. కీ పేజీలో ఉన్నంత మాత్రాన నిన్న సాయంత్రానికి ఎన్‌క్రిప్షన్ ఆన్‌లోనే ఉందని నూటికి నూరుపాళ్లు చెప్పలేం. మధ్యలో ఎవరైనా ఆఫ్ చేసి ఉండొచ్చు. మీరుగానీ, సర్వీసు చేసినవాళ్లుగానీ `Device encryption` ఆఫ్ చేసిన గుర్తుందా?

పద్దుల_రమణ · 9:51

నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. పోయిన ఏడాది కీబోర్డు మార్పించాను, అంతే. ఆ షాపువాళ్లకు పిన్ ఇచ్చాను.

వైజాగ్_సిస్టమ్స్ · 9:58

కీబోర్డు మార్చడానికి దాన్ని ఆఫ్ చేయాల్సిన పని లేదు. అయినా షాపుకు ఫోన్ చేసి ఒకసారి అడగండి. ఆ జవాబు వచ్చేదాకా ఆన్‌లో లేదనే అనుకుని నడుచుకోండి. అంటే బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్లన్నీ బయటపడ్డాయనుకుని మార్చండి. ముందు మీ జీమెయిల్, ఎందుకంటే మిగతా అన్నిటినీ రీసెట్ చేసేది దాని నుంచే. గూగుల్ అకౌంట్‌లో `Your devices` పేజీకి వెళ్లి ఆ ల్యాప్‌టాప్‌ను సైన్ అవుట్ చేయండి. తర్వాత క్లయింట్ల జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ పాస్‌వర్డ్లు.

ఇంకో మాట. మైక్రోసాఫ్ట్ డివైస్‌ల పేజీలో `Remove device` అని ఉంటుంది. పోయిందే కదా అని అది నొక్కకండి.

ఆడిటర్_అరుణ · 10:15

రమణ గారూ, మీ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి అడుగుతున్నాను. ఆ బ్యాగులో డిజిటల్ సంతకాలు పెట్టే డీఎస్‌సీ టోకెన్లు ఉన్నాయా? మీదైనా, క్లయింట్లదైనా?

పద్దుల_రమణ · 10:19

అయ్యో, ఉన్నాయి అరుణ గారూ. నాది, ఇద్దరు క్లయింట్లది. అసలు దాని ఆలోచనే రాలేదు.

ఆడిటర్_అరుణ · 10:31

అయితే ల్యాప్‌టాప్ సంగతి కాసేపు పక్కన పెట్టి అవి చూడండి. దూరం నుంచి ఏ లాక్ వేసినా ఆ యూఎస్‌బీ టోకెన్‌ను ఏమీ చేయదు, ఏ కంప్యూటర్‌కు పెట్టినా పనిచేస్తుంది. పిన్ తప్పు కొడుతూ పోతే టోకెన్ లాక్ అవుతుంది, నిజమే. కానీ మనలో చాలామంది టోకెన్ మీద స్టిక్కర్ అంటించి పిన్ రాసి పెడతారు. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు రివోకేషన్ రిక్వెస్ట్ పంపండి. క్లయింట్ల టోకెన్లకు వాళ్ల పేరుతో వాళ్లే పంపాలి, కాబట్టి ఈరోజే వాళ్లకు విషయం చెప్పేయండి. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో టోకెన్ల సంగతి లేకపోతే అది కూడా చేర్పించండి. రేపు ఎవరైనా ఆ సంతకంతో ఏదైనా ఫైల్ చేస్తే మీకు ఆధారం అదే.

తెనాలి_తేజ · 11:05

ఈ చర్చ చూసి నా ల్యాప్‌టాప్ చెక్ చేసుకున్నాను. కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అక్కర్లేదని లోకల్ అకౌంట్‌తో సెటప్ చేసుకున్నాను. `Find my device` ఆన్ చేయబోతే కుదరడం లేదు. అది పోతే పోయింది, ఎన్‌క్రిప్షన్ మాత్రం ఉంది. అడ్మిన్‌గా టెర్మినల్ తెరిచి `manage-bde -status C:` కొడితే ఇలా వచ్చింది:

```
Conversion Status:    Used Space Only Encrypted
Percentage Encrypted: 100.0%
Encryption Method:    XTS-AES 128
Protection Status:    Protection Off
Lock Status:          Unlocked
Key Protectors:       None Found
```

100 శాతం అని ఉంది కాబట్టి నేను సేఫే కదా అన్నా?

వైజాగ్_సిస్టమ్స్ · 11:22

లేదు తేజా. ఇక్కడే చాలామంది పొరబడతారు. నువ్వు చూడాల్సింది మూడో లైను కింద ఉన్న `Protection Off`, చివర్లో ఉన్న `None Found`. ఫ్యాక్టరీ నుంచే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి వచ్చింది. కానీ దాన్ని తెరిచే కీ ఏ తాళమూ లేకుండా అదే డిస్క్ మీద ఉంది. తాళం వేసి చెవి దానికే తగిలించి వదిలేసినట్టు. ఆ ఎస్ఎస్‌డీ తీసి ఇంకో విండోస్ మిషన్‌కు తగిలిస్తే మామూలుగా తెరుచుకుంటుంది.

ఇలా ఎందుకంటే, రికవరీ కీ భద్రంగా ఎక్కడైనా దాచాకే విండోస్ ఆ చెవిని తీసేస్తుంది. లేకపోతే రేపు మదర్‌బోర్డు మార్చినా నువ్వే బయట ఉండిపోతావు. హోమ్ ఎడిషన్‌లో దానికి మామూలు దారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో అడ్మిన్‌గా లాగిన్ అవడం. అలా చేసి, అదే కమాండ్ మళ్లీ కొట్టు. `Protection On` అనీ, కింద `TPM`, `Numerical Password` అనీ రెండూ కనిపించాలి. కనిపించాక కీ పేజీ తెరిచి 48 అంకెలు అక్కడికి చేరాయో లేదో చూసి, కాగితం మీద రాసి ఇంట్లో పెట్టు. ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టకు.

ఆ అకౌంట్ వచ్చాక `Settings` లో `Privacy & security` కిందే `Find my device` కూడా ఆన్ అవుతుంది. అక్కడే `Location` కూడా ఆన్‌లో ఉందో లేదో చూసుకో. అది ఆఫ్‌లో ఉంటే వెతకడానికి ఏమీ దొరకదు. అన్నీ అయ్యాక ఫోన్ నుంచి ఒకసారి `Find` నొక్కి చూడు. ల్యాప్‌టాప్ మూలన నోటిఫికేషన్ వస్తే దారి పనిచేస్తున్నట్టు.

డల్లాస్_శ్రీను · 11:50

ఇక్కడ ఒక కంపెనీలో ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లు చూసుకోవడం నా పని. చెరిపేసే బటన్ లేదన్నది సొంత అకౌంట్లకు నిజం. కంపెనీ మిషన్లకు ఇంట్యూన్ లాంటివి ఉంటాయి, వాటిలో `Wipe` ఉంది. అయితే అందులోనూ రెండు ఇబ్బందులు చూశాం.

మొదటిది వైజాగ్ గారు చెప్పిందే. నెట్ లేకపోతే అది `Pending` లో ఉండిపోతుంది. కారు అద్దం పగలగొట్టి ఎత్తుకెళ్లిన ఒక ల్యాప్‌టాప్‌కు ఇచ్చిన ఆదేశం ఇప్పటికీ అలాగే ఉంది. రెండోది ఆదేశం అందినా ఫెయిలవడం. విండోస్ తనను తాను చెరుపుకోవడానికి రికవరీ పార్టిషన్‌లోని విండోస్ ఆర్ఈ కావాలి. జాగా కోసమనో, డిస్క్ క్లోన్ చేసినప్పుడో ఆ పార్టిషన్ పోయి ఉంటే వైప్ మొదలే కాదు. మేము కొత్త మిషన్ ఇచ్చేముందు అడ్మిన్‌గా టెర్మినల్ తెరిచి ఇది చూస్తాం:

```
reagentc /info
```

`Windows RE status` ఎదురుగా `Enabled` అని ఉండాలి. `Disabled` అని ఉంటే ఆ రోజే సరిచేయాలి, పోయాక చేయడానికేం ఉండదు.

రమణ గారూ, మీ ఆఫీసులో నలుగురైదుగురు ఉంటే మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియమ్‌లో ఇంట్యూన్ కలిసే వస్తుంది. కాకపోతే మిషన్లలో హోమ్ బదులు ప్రో ఉండాలి.

కృష్ణాతీరం · 12:20

నాకో ఆలోచన వచ్చింది. దొంగ నెట్‌కు కనెక్ట్ చేస్తేనే లాక్ అందుతుందంటున్నారు. అలాంటప్పుడు పాస్‌వర్డ్ లేని గెస్ట్ అకౌంట్ ఒకటి ముందే పెట్టి ఉంచితే? వాడు అందులోకి వెళ్లి వైఫై కలుపుతాడు, మనకు లొకేషన్ వస్తుంది.

డల్లాస్_శ్రీను · 12:38

నాకు నచ్చిన ఐడియానే. కొందరు అలా చేస్తారు కూడా. ఎన్‌క్రిప్షన్‌కు అదనంగా బిట్‌లాకర్ స్టార్టప్ పిన్ పెట్టడం కూడా నాకు అందుకే ఇష్టం లేదు. పిన్ పెడితే విండోస్ మొదలవకముందే ఆగిపోతుంది. ఇక వైఫై ఎక్కడిది, వైప్ ఎక్కడిది?

వైజాగ్_సిస్టమ్స్ · 12:57

నేను ఒప్పుకోను శ్రీను గారూ. గెస్ట్ అకౌంట్‌లోకి వెళ్లాడంటే డిస్క్ అప్పటికే తెరుచుకుని ఉంది, మన ఫైళ్లకూ వాడికీ మధ్య మిగిలింది ఫోల్డర్ అనుమతులు మాత్రమే. పైగా వైఫైకి గెస్ట్ అకౌంట్ అక్కర్లేదు, లాక్ స్క్రీన్ మీదే నెట్‌వర్క్ గుర్తు ఉంటుంది.

స్టార్టప్ పిన్ విషయానికొస్తే, అది లేకపోతే పవర్ బటన్ నొక్కగానే టీపీఎమ్ చిప్ కీని ఇచ్చేస్తుంది. కొన్ని మిషన్లలో చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య తీగల మీద ఆ కీని పట్టుకోవచ్చని పరిశోధకులు చేసి చూపించారు. బస్సులో బ్యాగు ఎత్తుకెళ్లినవాడు ఆ పని చేస్తాడని అనను. కానీ వెయ్యిమంది పాన్ వివరాలు ఉన్న మిషన్ అయితే నేను పిన్ పెట్టి, వైప్ ఆశ వదులుకుంటాను. డేటాను కాపాడేది రాని ఆదేశం కాదు, ముందే వేసిన తాళం.

డల్లాస్_శ్రీను · 1:10

మీ మిషన్‌కు అది సరే. మా దగ్గర రోజూ పిన్ మర్చిపోయి ఫోన్ చేసేవాళ్లను చూస్తే మీరూ నా వైపు వచ్చేస్తారు. పైగా ఆడిట్‌లో అడిగేది వైప్ అయినట్టు రుజువు. ఎన్‌క్రిప్ట్ అయి ఉందంటే ఒప్పుకునేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. దీన్ని ఇక్కడ తేల్చలేం.

తెనాలి_తేజ · 2:30

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యాను. మళ్లీ కమాండ్ కొడితే `Protection On` వచ్చింది, అన్న చెప్పిన రెండు ప్రొటెక్టర్లూ ఉన్నాయి. కీ ఆన్‌లైన్‌లో కనిపిస్తోంది. `Find` నొక్కితే నోటిఫికేషన్ కూడా వచ్చింది. మ్యాప్‌లో చుక్క మాత్రం మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంది. ఏమైనా తప్పు చేశానా?

వైజాగ్_సిస్టమ్స్ · 2:44

తప్పేమీ లేదు. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువవాటికి జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల వైఫైలను బట్టి చోటును అంచనా వేస్తుంది. ఆ చుక్క చూసి ఎవరి తలుపూ తట్టకూడదనేది అందుకే. పోలీసులకు ఇవ్వడానికి పనికొస్తుంది.

పద్దుల_రమణ · సాయంత్రం 6:35

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. షాపు అబ్బాయి ఎన్‌క్రిప్షన్ ముట్టుకోలేదనే అంటున్నాడు. జీమెయిల్, పోర్టల్ పాస్‌వర్డ్లు మార్చేశాను, ఇంకా కొందరు క్లయింట్లవి మిగిలాయి. నా టోకెన్‌కు రివోకేషన్ మెయిల్ పెట్టాను. క్లయింట్లలో ఒకరు వెంటనే పంపారు, ఇంకొకరు ఊళ్లో లేరు, సోమవారం పంపుతానన్నారు. మ్యాప్ ఇంకా అరండల్‌పేటనే చూపిస్తోంది.

ఒక్క సందేహం. ఒకవేళ బ్యాగు దొరికి, నేను లాక్ చేసిన ల్యాప్‌టాప్‌ను మళ్లీ తెరిస్తే 48 అంకెలు అడుగుతుందా?

వైజాగ్_సిస్టమ్స్ · 7:02

లాక్ వల్ల అడగదు. మీరు అడ్మిన్ కాబట్టి మీ అకౌంట్ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లొచ్చు. ఎవరైనా బయోస్ సెట్టింగులు మార్చి ఉంటేనో, మదర్‌బోర్డు మార్చి ఉంటేనో నీలం తెర వచ్చి కీ అడుగుతుంది. ఆ తెర మీద కీ ఐడీ ఉంటుంది, పేజీలోని ఐడీ మొదటి 8 అక్షరాలతో పోల్చి చూసి ఆ కీనే కొట్టండి. అలా అడిగితే మాత్రం ఎవరో లోపలికి వెళ్లడానికి ప్రయత్నించి ఉండొచ్చు. అప్పుడు మీ ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసుకుని, విండోస్ మొత్తం కొత్తగా వేయించాకే అందులో క్లయింట్ల పని మొదలుపెట్టండి.